మాయ పడని ఆవు: లాగే చెయ్యి చేసే నష్టం

ఆవు ఈనింది. దూడ లేచి నిలబడి పొదుగు వెతుక్కుంటోంది. తెల్లారేసరికి తోక కింద ఎర్రగా, తడిగా, తాళ్లలాంటి మాయ పొరలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. విశాఖ దగ్గరి ఆనందపురం, పద్మనాభం, భీమిలి చుట్టుపక్కల పల్లెల్లో ఆవులను సాకే ఇళ్లలో ఈ దృశ్యం ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. చూడగానే ఇంట్లో ఒకరు "లాగేస్తే పోతుంది కదా" అంటారు, మరొకరు దానికి ఇటుక కట్టమంటారు, ఇంకొకరు మాయ పడేదాకా పాలు పితకొద్దంటారు. మాయ పడకపోవడం వల్ల ఆవుకు జరిగే కీడులో పెద్ద భాగం ఈ మూడు సలహాల నుంచే వస్తుంది. మాయ లోపల ఎలా అతుక్కుని ఉంటుందో, ఎలా విడిపోతుందో తెలిస్తే ఈ సలహాలు ఎందుకు తప్పో చెప్పకుండానే అర్థమవుతుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

దూడ పూర్తిగా బయటపడిన క్షణం నుంచి లెక్క మొదలు. ఎక్కువ ఆవులు 3 నుంచి 8 గంటల్లో మాయ వేసేస్తాయి. 12 గంటలు దాటితే ఆలస్యమైందని, 24 గంటలు దాటినా పడకపోతే మాయ నిలిచిపోయిందని పశువైద్యులు పరిగణిస్తారు. అందుకే ఈనిన గంటను గోడమీద బొగ్గుతోనైనా రాసి పెట్టుకోవాలి. రాత్రి ఎప్పుడో ఈనింది అంటే డాక్టరుకు ఆ మాట పనికిరాదు. 9 గంటలు గడిచాయా, 20 గంటలు గడిచాయా అన్నదాన్ని బట్టి ఆయన చేసే ఆలోచన మారుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మాయ నిజంగానే పడకపోవచ్చు. లేదా పడి ఉండొచ్చు, కానీ ఎవరూ చూడకముందే ఆవు తినేసి ఉండొచ్చు, కుక్క ఎత్తుకుపోయి ఉండొచ్చు. ఈనిన తర్వాత మాయ తినబోవడం ఆవుకు సహజమే, అయితే అది గొంతుకు అడ్డం పడొచ్చు, అజీర్తి చేయొచ్చు. కాబట్టి ఈనిన రాత్రి ఎవరో ఒకరు పాకలో మెలకువగా ఉండి, పడగానే తీసేయడం మంచిది. పడిన మాయను వెంటనే పారేయకుండా నేల మీద పరిచి చూడాలి. అది రెండు కొమ్ముల సంచిలా ఉంటుంది, ఒక కొమ్ము పెద్దది, రెండోది చిన్నది. రెండు కొమ్ముల చివర్లూ చిరగకుండా ఉంటే మొత్తం వచ్చిందని అర్థం. ఒక కొమ్ము చివర తెగి ఉంటే ముక్క లోపల మిగిలిందేమోనని అనుమానించి, తర్వాతి పది రోజులు జాగ్రత్తగా గమనించాలి. బయట ఏమీ వేలాడకపోయినా లోపల మాయ మిగిలి ఉండొచ్చు. అలాంటప్పుడు మూడు నాలుగు రోజులకు తోక దగ్గర కుళ్లిన వాసన వచ్చేదాకా సంగతి బయటపడదు.

మాయ చూసినప్పుడు వేరొకటి కాదని కూడా నిర్ధారించుకోవాలి. తోక కింద పెద్దగా, బరువుగా, ఎర్రటి సంచి దిగి, దాని మీద గుండీల్లాంటి ఉబ్బులు ఉంటే అది మాయ కాదు, గర్భసంచే తిరగబడి బయటికి వచ్చింది. దీన్ని మెయ్య దిగడం అంటారు. అప్పుడు ఆగకూడదు. గంటల్లోనే ఆవు ప్రాణానికి ముప్పు. శుభ్రమైన తడిగుడ్డ కింద పట్టి, సంచి నేలను తాకకుండా చూస్తూ, డాక్టరును పిలవాలి. ఆవును నడిపించకూడదు.

విడదీసేది బలం కాదు

మనిషిలో మాయ ఒకే ముద్దలా ఒకచోట అంటి ఉంటుంది. ఆవులో అలా ఉండదు. గర్భసంచి లోపలి గోడ మీద 70 నుంచి 120 దాకా గుండ్రటి ఉబ్బులు ఉంటాయి. మాయ మీద వాటికి సరిపోయే గుంటలున్న కప్పులుంటాయి. చొక్కా గుండీ కాజాలో దూరినట్టు ప్రతి ఉబ్బునూ ఒక కప్పు పట్టుకుని ఉంటుంది. ఆ పట్టులో మాయ వైపు నుంచి వేర్లలాంటి సన్నటి తంతువులు వచ్చి, గర్భసంచి వైపున్న సన్నటి సందుల్లోకి దూరి ఉంటాయి. ఈ తంతువులకూ సందులకూ మధ్య కొల్లాజెన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. నెలల తరబడి దూడను పోషించిన అమరిక ఇదే.

ఈతకు ముందు రోజుల నుంచే ఈ జిగురు కరగడం మొదలవుతుంది. కరిగించే పని ఆవు ఒంట్లోని తెల్ల రక్తకణాలది. మాయ దూడకు చెందిన కణజాలం, అంటే ఆవు ఒంటికి ఒక రకంగా పరాయిది. దూడ బయటపడే సమయానికి తెల్ల రక్తకణాలు దాన్ని పరాయిదిగా గుర్తించి, గుండీల దగ్గరికి చేరి, జిగురును కోసే ఎంజైములను విడుదల చేస్తాయి. పట్టు సడలుతుంది. గర్భసంచి ముడుచుకునే కదలిక ఆ సడలిన మాయను బయటికి నెడుతుంది. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు జిగురు తెగాలి, ఆ తర్వాతే నెట్టుడు పనికొస్తుంది. మాయ నిలిచిపోయిన ఆవుల్లో చాలావాటికి గర్భసంచి మామూలుగానే ముడుచుకుంటుంది, కానీ జిగురు తెగదు. ఈతకు ముందే ఆ ఆవుల తెల్ల రక్తకణాలు మందకొడిగా ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది.

ఇది తెలిశాక లాగడం ఎందుకు పనికిరాదో చెప్పనక్కర్లేదు. జిగురు తెగని గుండీని లాగితే కాజా చిరుగుతుంది, అంటే గర్భసంచి గోడ చిరుగుతుంది. వచ్చింది మాయ మొత్తమే అని తృప్తి పడతాం గానీ, వేర్లు లోపలే ఉండిపోతాయి. మాయ ముక్కలతో, చిరిగిన గాయాలతో, రక్తం గడ్డలతో నిండిన గర్భసంచి కన్నా సూక్ష్మక్రిములకు మంచి ఇల్లు దొరకదు. పైగా చేత్తో కెలికిన గర్భసంచిలో తెల్ల రక్తకణాల పనితీరు ఇంకా దిగజారుతుంది. అసలే మందకొడిగా ఉన్న కాపలాదారును చేతులు కట్టేసి నిలబెట్టినట్టవుతుంది.

మాయను అలాగే వదిలేస్తే ఏమవుతుంది? గర్భసంచి వైపున్న ఉబ్బుల పైపొర క్రమంగా చచ్చి, మెత్తబడి రాలిపోతుంది. దాంతో మాయ తనంతట తానే జారుతుంది. దీనికి సాధారణంగా 4 నుంచి 10 రోజులు పడుతుంది. ఇంత కాలం ఆగడం రైతుకు కష్టమే. పాకలో వాసన, ఈగలు, చూసేవాళ్ల మాటలు. కానీ తొందరపడి తీసిన ఆవుల కన్నా, ఆగి, అవసరమైనప్పుడు మాత్రమే వైద్యం చేయించిన ఆవులు తర్వాత ఎదకు రావడంలో, చూడి కట్టడంలో వెనకబడవు. అందుకే ఇప్పుడు పశువైద్య శాస్త్రం చేయి పెట్టి తీయమని చెప్పడం తగ్గించేసింది. బయట వేలాడే భాగాన్ని డాక్టరు మెల్లగా పట్టి చూసినప్పుడు అదంతట అదే జారివస్తే సరే. కాస్త అడ్డు తగిలినా ఆపేయాలి. జ్వరమున్న ఆవులో చేయి పెట్టడం మరీ ప్రమాదం. అప్పటికే క్రిములు పెరిగిన గోడను గాయపరిస్తే అవి నేరుగా రక్తంలోకి చేరతాయి.

వేలాడే భాగాన్ని ఏం చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. అది నేలకు తాకుతుంటే ఆవు తొక్కుతుంది, లేవబోతూ తనే లాగేసుకుంటుంది, పేడలో నానుతుంది. శుభ్రమైన కత్తెరతో వెనక కాలి కీలుకు కాస్త పైదాకా కత్తిరిస్తే చాలు. మానం దగ్గరికి కత్తిరిస్తే మిగిలిన కొస లోపలికి పోతుంది, తర్వాత అది పడిందో లేదో తెలియదు. విశాఖ ఉక్కపోతలో, వానాకాలంలో ఈగలు వేలాడే మాయ మీద గుడ్లు పెడతాయి, రెండు మూడు రోజుల్లో పురుగులు కనిపిస్తాయి. తోకను, తొడల వెనక భాగాన్ని రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, తోక మొదట్లో వేపనూనె రాయాలి. కడగడం బయటికే పరిమితం. గొట్టం పెట్టి లోపలికి నీళ్లు పంపకూడదు.

చేయకూడనివి, వాటి వెనక నమ్మకాలు

ఇటుక కట్టడం, పాత చెప్పు కట్టడం పాత అలవాటు. ఆ బరువుకు మాయ మెల్లగా దిగుతుందన్నది ఆలోచన. జిగురు తెగని చోట బరువు చేసేది మెల్లగా లాగడమే, ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా. మాయ మధ్యలో తెగుతుంది, లేదా గుండీ దగ్గర గోడ చిరుగుతుంది. ఈనిన కొత్తలో గర్భసంచి ఇంకా వదులుగా ఉంటుంది కాబట్టి, ఆవు ముక్కుతూ ఉంటే బరువు కూడా తోడై గర్భసంచి తిరగబడే ప్రమాదమూ ఉంది.

మాయ పడేవరకు పాలు పితకకూడదు, దూడకు తాగించకూడదు అన్నది ఇంకా బలమైన నమ్మకం. దూడకు ఇంతకన్నా పెద్ద హాని లేదు. రోగాల నుంచి కాపాడే పదార్థాలు దూడకు తల్లి రక్తం ద్వారా అందవు, జున్నుపాల ద్వారానే అందాలి. వాటిని పీల్చుకునే శక్తి దూడ పేగుకు పుట్టిన మొదటి గంటల్లోనే బాగా ఉంటుంది, రోజు గడిచేసరికి దాదాపు పోతుంది. దూడ బరువులో పదోవంతు, అంటే 25 కిలోల దూడకు రెండున్నర లీటర్ల జున్నుపాలు మొదటి రోజు తాగాలి. అందులో సగం పుట్టిన రెండు గంటల్లోపే పడాలి. పైగా దూడ పొదుగు కుడిచినప్పుడు ఆవు ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరుతుంది, గర్భసంచి ముడుచుకుంటుంది. మాయ పడటానికి సాయపడే పనినే ఆ నమ్మకం ఆపేస్తుంది. కాబట్టి మాయ పడినా పడకపోయినా ఈనిన అరగంటలో దూడను పొదుగు దగ్గరకు తీసుకువెళ్లాలి.

ఆక్సిటోసిన్ మాట వచ్చింది కాబట్టి ఇంజక్షన్ సంగతి. మందుల దుకాణంలో కొనితెచ్చి సొంతంగా పొడిచేవాళ్లు ఉన్నారు. ఆక్సిటోసిన్ గర్భసంచిని ముడిచే మందు, జిగురు కోసే మందు కాదు. కష్టపు ఈత తర్వాత గర్భసంచి అలసిపోయినప్పుడు, ఈనిన మొదటి గంటల్లో డాక్టరు వాడితే ప్రయోజనం ఉండొచ్చు. రోజు గడిచాక ఇస్తే గర్భసంచి ఆ మందుకు పెద్దగా స్పందించదు. ఇచ్చిన ప్రతిసారీ పనిచేసినట్టు కనిపించడానికి కారణం, ఎలాగూ పడబోయే మాయ అదే రోజు పడటం.

గర్భసంచిలో బిళ్లలు పెట్టించడం ఇంకో అలవాటు. యాంటిబయాటిక్ బిళ్లను చేత్తో లోపలికి నెట్టడం వల్ల వాసన తగ్గుతుందన్నది నిజమే. అయితే వాసన తగ్గడం, ఆవు కోలుకోవడం రెండూ ఒకటి కావు. ఇలా వాడే మందుల్లో టెట్రాసైక్లిన్ జాతివి ఎక్కువ. ఆ జాతి మందులకు జిగురు కోసే ఎంజైములను అణచే గుణం ఉంది, అంటే మాయ విడిపోవడాన్ని అవే ఆలస్యం చేయొచ్చు. తర్వాత చూడి కట్టడంలోనూ వీటి వల్ల లాభం స్పష్టంగా కనబడలేదు. బిళ్ల పెట్టేటప్పుడు లోపలికి వెళ్లే చేయి బయటి మురికినీ మోసుకుపోతుంది. డెట్టాల్, పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు లోపలికి పోయడం ఇంకా చెడ్డది. లోపలి సున్నితమైన పొరను అవి కాలుస్తాయి.

మాయ పడటానికని అమ్మే మూలికా ద్రావణాలు ప్రమాదకరం కావు గానీ, మాయ విడిపోవడం వాటి చేతుల్లో లేదు. ఇవ్వాలనుకుంటే తవుడులో కలిపి పెట్టడం మేలు. ఆవు తల పైకెత్తి గొట్టంతో నోట్లో పోస్తే ద్రావణం ఊపిరితిత్తుల్లోకి పోయి, మాయ కన్నా పెద్ద రోగం తెచ్చిపెడుతుంది.

వాసన కాదు, జ్వరం చూడాలి

మాయ నిలిచిన ఆవులో భయపడాల్సింది మాయ గురించి కాదు, గర్భసంచి వాపు గురించి. మాయ వేసిన ఆవుకు కూడా ఇది రావచ్చు, కానీ మాయ నిలిచినప్పుడు అవకాశం చాలా ఎక్కువ. సాధారణంగా మొదటి పది రోజుల్లో మొదలవుతుంది. లోపల క్రిములు పెరిగి, విషాలు రక్తంలోకి వెళ్తాయి. ఆవు మేత మానేస్తుంది, పాలు పడిపోతాయి. మేత మానిన ఆవు ఒంటి కొవ్వును కరిగించుకుని పాలు ఇవ్వబోయి, రక్తంలో కీటోన్లు పెరిగే జబ్బు పాలవుతుంది. సకాలంలో పట్టుకోకపోతే చనిపోవచ్చు. బతికినా గర్భసంచిలో చీము మిగిలి, నెలల తరబడి ఎద సరిగా రాదు, చూడి కోసం వేసిన సూది నిలవదు. ఇంటికి కలిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ చివరిదే, ఎందుకంటే పాలు మళ్లీ పెరుగుతాయి గానీ, ఆలస్యమైన ఈత తిరిగి రాదు.

కుళ్లిన వాసనను చూసి బెంబేలెత్తనక్కర్లేదు. పొరలు కుళ్లుతున్నప్పుడు వాసన రావడం సహజం. ఆవు హుషారుగా మేస్తూ, నెమరు వేస్తూ, జ్వరం లేకుండా ఉంటే ఆ వాసనకు మందు అక్కర్లేదు. అందుకే మాయ నిలిచిన ఇంట్లో అన్నిటికన్నా అవసరమైన పరికరం థర్మామీటరు. డిజిటల్ థర్మామీటరు చివరకు కాస్త కొబ్బరినూనె రాసి, మలద్వారంలోకి రెండు మూడు అంగుళాలు పోనిచ్చి, పేడలో గుచ్చకుండా పక్క గోడకు ఆనించి పట్టుకోవాలి. శబ్దం వచ్చేదాకా ఆగి చూడాలి. ఆవుకు మామూలు వేడి 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. 103 దాటితే జ్వరంగా లెక్కించి డాక్టరుకు చెప్పాలి.

విశాఖ ఎండల్లో దీన్ని జాగ్రత్తగా చదవాలి. వేసవి మధ్యాహ్నం రేకుల పాకలో కట్టిన ఆవు ఒంటి వేడి జబ్బు లేకుండానే పెరుగుతుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు ఒకసారి, సాయంత్రం చల్లబడ్డాక ఒకసారి చూసి, ఈనిన రోజు నుంచి పది రోజుల దాకా రాసుకోవాలి. ఒక్క అంకె కన్నా పొద్దుటి అంకెలు రోజురోజుకూ ఎటు పోతున్నాయన్నది నమ్మదగిన సంకేతం.

జ్వరం ఒక్కటే చాలదు. ఆవు ఎంత మేసిందీ, పాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, వచ్చే స్రావం ఎలా ఉందీ చూడాలి. ఈనిన ఆవుకు రెండు వారాలదాకా ఎర్రగా, గోధుమరంగులో చిక్కటి స్రావం రావడం మామూలే, అందులో పెద్దగా వాసన ఉండదు. అదే నీళ్లలా పలుచగా, ఎర్రటి గోధుమరంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో వస్తుంటే, ఆవు దిగులుగా ఉంటే, అది గర్భసంచి వాపు.

ఈనిన మొదటి రోజే చెవులు చల్లబడి, లేవలేక, మెడ పక్కకు తిప్పుకుని పడుకున్న ఆవు వేరే సంగతి. అది పాల జ్వరం కావచ్చు, పేరులో జ్వరం ఉన్నా ఒంటి వేడి పడిపోతుంది. రక్తంలో కాల్షియం తగ్గి కండరాలు చచ్చుబడ్డాయి, గర్భసంచి కూడా కండరమే కాబట్టి మాయను నెట్టలేకపోతోంది. అక్కడ పది రోజుల ఆగుడు పనికిరాదు. రక్తనాళంలోకి కాల్షియం ఎక్కించాలి, అదీ డాక్టరే. వేగంగా ఎక్కిస్తే గుండె ఆగే ప్రమాదముంది.

ఒక ఆవు పది రోజులు

ఇదంతా ఒకచోట ఎలా కలుస్తుందో చూడటానికి ఒక ఆవును ఊహించుకుందాం. జెర్సీ సంకర ఆవు, మూడో ఈత, రోజుల కన్నా పదిరోజులు ముందే రాత్రి 9 గంటలకు ఈనింది. నెలలు నిండకముందు ఈనిన ఆవుకు మాయ నిలిచే అవకాశం ఎక్కువని ముందే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే జిగురు కరిగే పని అప్పటికి పూర్తి కాలేదు. కవల దూడలు, కష్టపు ఈత కూడా ఇలాంటివే.

ఆ రాత్రి పది గంటలకల్లా దూడ జున్నుపాలు తాగింది. మర్నాడు ఉదయం 9 గంటలకు 12 గంటలు నిండాయి, మాయ వేలాడుతూనే ఉంది. పొడవైన భాగం కత్తిరించారు, ఎవరూ లాగలేదు. రాత్రి 9 గంటలకు 24 గంటలు నిండాయి, మాయ నిలిచిపోయినట్టు తేలింది. ఊళ్లోని పశువైద్య సిబ్బందికి ఫోన్ చేసి చెప్పారు. ఆ రాత్రి చేయాల్సింది అంతే.

రెండో రోజు పొద్దున 101.8, పాలు 7 లీటర్లు. మూడో రోజు 101.9, పాలు 8 లీటర్లు, వాసన మొదలైంది. నాలుగో రోజు 102.2, మేత మామూలుగానే తింది. ఇంట్లో పెద్దాయన "ఇంకెన్నాళ్లు ఊరుకుంటావురా, ఎవరినైనా పిలిచి తీయించు" అన్నాడు. అంకెలు మాత్రం ఆగమనే చెబుతున్నాయి. ఐదో రోజు పొద్దున 103.4, సాయంత్రం 103.8. పచ్చగడ్డి సగం వదిలేసింది, పాలు 5 లీటర్లకు తగ్గాయి, నీళ్లలాంటి కంపు స్రావం పడింది. ఇక ఆగడానికి లేదు. అదే పూట డాక్టరును పిలిచారు. పశువుల అంబులెన్సు కోసం 1962 నంబరుకు చేసినా ఈ అంకెలన్నీ వరుసగా చెప్పాలి.

డాక్టరు గర్భసంచిలో చేయి పెట్టలేదు. కండకు యాంటిబయాటిక్ ఇంజక్షన్ మొదలుపెట్టి మూడు నుంచి ఐదు రోజుల కోర్సు రాశారు, జ్వరానికీ నొప్పికీ ఇంకోటి, రక్తంలోకి గ్లూకోజు. ఆరో రోజు 102.9, ఏడో రోజు 101.7, మేత మొదలైంది. ఎనిమిదో రోజు తెల్లవారుజామున మాయ తనంతట తానే జారిపడింది. జ్వరం తగ్గగానే ఇంజక్షన్లు ఆపకుండా కోర్సు పూర్తి చేశారు. మందులు వాడిన రోజుల్లోనూ, ఆపాక డాక్టరు చెప్పినన్ని రోజులూ పాలు కేంద్రానికి పోయలేదు.

ఇదే ఆవును రెండో రోజే లాగించి ఉంటే? మాయలో పెద్ద భాగం వచ్చేది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునేవారు. లోపల కొన్ని గుండీల దగ్గర వేర్లు, చిరుగులు మిగిలేవి. నాలుగో రోజుకు జ్వరం వస్తే, మాయ తీసేశాం కదా, ఇది వేరే జబ్బేమో అనుకుని ఇంకో రోజు పోగొట్టుకునేవారు. మాయ కళ్లెదుట ఉన్నప్పుడు అందరూ జాగ్రత్తగా ఉంటారు, కళ్లెదుట లేకుండా లోపల ముక్క ఉన్నప్పుడే నిర్లక్ష్యం జరుగుతుంది.

ఈనిన 30 రోజులకు డాక్టరు గర్భసంచి పరీక్ష చేస్తారు. చీము మిగిలితే దానికి వేరే వైద్యం ఉంది. ఎదకు వచ్చినప్పుడు పడే జిగట అద్దంలా తేటగా ఉంటేనే సూది వేయించాలి. చీము చారలు కనిపిస్తే ఆ ఎద వదిలేసి వైద్యం చేయించుకోవడమే లాభం. మాయ నిలిచిన ఆవుకు రెండు నెలలు నిండకముందు సూది వేయించే తొందర అక్కర్లేదు.

చేతికి తొడుగు

మాయ నిలవడానికి ఒక కారణం మనుషులకూ అంటుతుంది. బ్రూసెల్లా అనే క్రిమి ఉన్న ఆవు ఐదో నెల దాటాక ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది, మాయ నిలుస్తుంది. ఆ మాయలో, స్రావాల్లో క్రిములు కోట్లలో ఉంటాయి. చేతికున్న చిన్న గీత నుంచి, కంటి నుంచి అవి మనిషిలోకి చేరతాయి. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు మనిషిని పీడిస్తాయి. కాబట్టి మాయ కత్తిరించేటప్పుడు, పడిన మాయ తీసేటప్పుడు రబ్బరు తొడుగులు తప్పనిసరి. లేనప్పుడు రెండు పొరల ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కున్నా మేలే. గర్భిణులు ఆ పనికి దగ్గరికి రాకూడదు. మాయను కుక్కలకు వేయకుండా, చెరువులో వేయకుండా, లోతైన గోతిలో సున్నం చల్లి పాతిపెట్టాలి. ఈసుకుపోయి మాయ నిలిచిన ఆవు రక్తాన్ని బ్రూసెల్లాకు పరీక్ష చేయించాలి, ఆ పాలు కాచకుండా ఎవరూ తాగకూడదు. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు పెయ్యలకు జీవితంలో ఒకసారి వేసే బ్రూసెల్లా టీకా ప్రభుత్వ పశువైద్యశాలలో వేస్తారు.

వచ్చే ఈతలో మాయ నిలవకుండా చూసే జాగ్రత్త, ఈతకు ముందు పాలు మాన్పించిన రెండు నెలల్లో తీసుకోవాలి. తెల్ల రక్తకణాల చురుకుదనానికి సెలీనియం, విటమిన్ ఇ కావాలి. ఎండిపోయిన వరిగడ్డిలో విటమిన్ ఇ మిగలదు, పచ్చగడ్డిలో బాగా ఉంటుంది. చూడి ఆవుకు ఎండుగడ్డితో పాటు రోజూ పచ్చగడ్డి, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం అందితే చాలావరకు సరిపోతుంది. ఆ రెండు నెలల్లో ఆవును కొవ్వెక్కనివ్వకూడదు. బాగా కొవ్వుపట్టిన ఆవే ఈనిన తర్వాత ముందుగా మేత మానేస్తుంది.